సర్‌ప్రైజ్ పార్టీ ఇచ్చిన ఫ్రెండ్స్‌కి సరదా క్యాప్షన్: జరిగినదాన్ని వాక్యాల్లోకి ఎలా తేవాలి

ప్రశ్న: నా ఫ్రెండ్స్ నలుగురు నాకు తెలియకుండా బర్త్‌డే పార్టీ పెట్టారు. ల్యాప్‌టాప్ పాడైందని ఒకడు ఇంటికి పిలిచాడు. నేను స్క్రూడ్రైవర్ కూడా పట్టుకెళ్లాను, మొదటి ఫొటోలో నా చేతిలో అదే ఉంది. ఊళ్లో లేనన్న అమ్మాయికి గుమ్మంలోంచి ఫోన్ చేస్తే లోపలి గదిలో మోగింది. కేకు ఉంది, కొవ్వొత్తులున్నాయి, అగ్గిపెట్టె లేదు. దాన్ని తెస్తానన్నది ఇంకొకడు, 10 నిమిషాలు చీకట్లో వెతికారు. వీడియో తీస్తానన్నవాడు ఫ్రంట్ కెమెరాలో 40 సెకన్లు తన మొహమే తీసుకున్నాడు. రెండు వారాల ముందే వేరే గ్రూపు పెట్టుకున్నారని తర్వాత తెలిసింది. ఇన్‌స్టాగ్రామ్‌లో సరదాగా థాంక్స్ చెప్పాలి. ఎన్నిసార్లు రాసినా "ఇలాంటి ఫ్రెండ్స్ దొరకడం నా అదృష్టం" దగ్గరే ఆగిపోతున్నాను. ఎలా రాయాలి?

సమాధానం:

మీరు రాసిన "కేకు ఉంది, కొవ్వొత్తులున్నాయి, అగ్గిపెట్టె లేదు" అన్న వాక్యాన్ని ఒకసారి పైకి చదవండి. అందులో ఒక్క పొగడ్త మాట కూడా లేదు. అయినా అక్కడే నవ్వొస్తుంది, అక్కడే ఆ నలుగురి మీద ఇష్టం కనిపిస్తుంది. రెండుసార్లు "ఉంది" అని విన్న చెవి మూడోసారి కూడా అదే వస్తుందనుకుంటుంది, "లేదు" వస్తుంది. జరిగింది మాకు చెప్తున్నప్పుడు మీ దృష్టంతా వస్తువుల మీద, మనుషుల మీద ఉంది కాబట్టి అది అలా వచ్చింది. క్యాప్షన్ అనుకుని కూర్చోగానే దృష్టి మీ మనసులోని భావం మీదికి మళ్లింది. అప్పుడు అదృష్టం, ప్రేమ, మాటల్లో చెప్పలేను వంటి మాటలే చేతికందుతాయి. అవి అబద్ధం కావు. కానీ ఎవరి పార్టీకైనా సరిపోతాయి, కాబట్టి మీ పార్టీ గురించి ఏమీ చెప్పవు.

ఒక వాక్యం ఉంచాలా తీసేయాలా అని తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఆ వాక్యాన్ని మీకు తెలిసిన వేరే వ్యక్తి పుట్టినరోజు ఫొటో కింద పెట్టి చూడండి. అక్కడా అతుకుతుందంటే తీసేయండి. "మర్చిపోలేని రోజు" అందరికీ అతుకుతుంది. "లోపలి గదిలో ఫోన్ మోగింది" మీకు తప్ప ఎవరికీ అతకదు.

రాయడానికి ముందు ఇంకొంచెం సరుకు పోగేసుకోండి. పార్టీ అయిన ఒకటి రెండు రోజుల్లోనే చేయాలిది. సర్‌ప్రైజ్ పార్టీలో ఒక ప్రత్యేకత ఏమిటంటే, కథలో సగం మీ వీపు వెనక జరిగింది. ఆ సగం వాళ్ల దగ్గరే ఉంది, త్వరగా మరుగున పడిపోతుంది. "ఎలా ప్లాన్ చేశారు?" అని అడిగితే "ఏముంది, చేసేశాం" అంటారు. దానికి బదులు ఒక్కొక్కరినీ విడివిడిగా "ఎక్కడ దొరికిపోతామని భయపడ్డావు?" అని అడగండి. ఈ ప్రశ్నకి జవాబుగా ఎప్పుడూ ఒక సంఘటనే వస్తుంది, అభిప్రాయం రాదు. ఆ రహస్య గ్రూపుకి ఏం పేరు పెట్టారో కూడా అడగండి. చాలాసార్లు ఆ పేరే ఒక లైనవుతుంది.

పోగైనవన్నీ పెట్టకూడదు. ఏర్పాటు చేసినవాళ్లు నలుగురు కాబట్టి నాలుగు ముక్కలు, మనిషికొకటి. ఇలాంటి క్యాప్షన్లలో ఎక్కువగా జరిగే తప్పు ఇక్కడే ఉంటుంది. ఒకరి గురించి మూడు వాక్యాల ముచ్చట రాసి, మిగతా ముగ్గురికీ చివర్లో పేర్ల వరుస తగిలిస్తారు. చదివేవాళ్లు గమనించకపోవచ్చు, ఆ ముగ్గురూ మాత్రం గమనిస్తారు. ప్రతి ముక్కా రెండు మూడు పొట్టి వాక్యాల్లో అయిపోతే ఎవరిదీ ఎక్కువా తక్కువా అనిపించదు. మీ విషయంలో అదృష్టవశాత్తూ నలుగురికీ తలో సంఘటన ఉంది. ఎవరిదైనా లేకపోయి ఉంటే, వాళ్ల దగ్గరికి వెళ్లి పై ప్రశ్న అడిగి తెచ్చుకోవడమే మార్గం. లేనిది కల్పించవద్దు, మిగతావాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఒక్క ముక్కని దగ్గరగా చూద్దాం. ఫోన్ మోగిన సంగతి తీసుకోండి. మామూలుగా రాస్తే ఇలా వస్తుంది: "తను ఊళ్లో లేనని చెప్పి నన్ను బాగా ఫూల్ చేసింది, కానీ ఫోన్ మోగడంతో దొరికిపోయింది." విషయమంతా ఉంది, నవ్వు లేదు. ఎందుకంటే "ఫూల్ చేసింది", "దొరికిపోయింది" అని ఏం జరిగిందో మీరే తేల్చి చెప్పేశారు. చదివేవాళ్లకి కనిపెట్టడానికి ఏమీ మిగల్లేదు. తేల్చే మాటలు రెండూ తీసేసి, జరిగింది జరిగిన వరసలో పెట్టండి: "ఊళ్లో లేనన్న అమ్మాయికి గుమ్మంలోంచి ఫోన్ చేశాను. లోపలి గదిలో మోగింది." దొరికిపోయిందని ఇప్పుడు మీరు చెప్పలేదు, చదివినవాళ్లు అనుకున్నారు. నవ్వు అక్కడ పుడుతుంది.

రెండో వాక్యంలో మాటల వరస కూడా చూడండి. తెలుగులో క్రియ చివర్న వస్తుంది, దాని ముందున్న మాటకి బలం దానంతటదే వచ్చి చేరుతుంది. "మోగింది లోపలి గదిలో" అని తిప్పి రాస్తే "ఎక్కడ" అన్నది చివరికి పోయి కొంచెం నాటకీయంగా ఉంటుంది. అది కూడా తప్పు కాదు. అయితే అలా తిప్పిన వాక్యం క్యాప్షన్ మొత్తంలో ఒకటుంటేనే పనిచేస్తుంది. ప్రతి వాక్యమూ తిప్పితే సినిమా ట్రైలర్ గొంతులా వినిపిస్తుంది. నేనైతే మామూలు వరసకే ఓటేస్తాను. పొట్టి వాక్యం, మామూలు వరస, చివర్లో చిన్న క్రియ. ముఖం మామూలుగా పెట్టి చెప్పిన హాస్యం ఎక్కువ దూరం వెళ్తుంది.

సర్‌ప్రైజ్ పార్టీకి మన భాషలో ఒక పనిముట్టు సిద్ధంగా ఉంది: క్రియ చివర చేరే "ట". మీరు కళ్లారా చూసినదానికి "మోగింది", "వెతికారు" అంటారు. తర్వాత ఎవరో చెప్పగా తెలిసినదానికి "గ్రూపు పెట్టుకున్నారట" అంటారు. ఈ ఒక్క అక్షరంతో "ఇది నా వెనక జరిగింది, నాకేం తెలీదు" అన్నది మొత్తం చెప్పినట్టే. "తర్వాత నాకు తెలిసిందేమిటంటే" అని సాగదీయక్కర్లేదు. కానీ దీన్ని ఎక్కడ వాడకూడదో కూడా తెలియాలి. "ట"లో కాస్త అనుమానం వాసన ఉంటుంది. "రెండు వారాలు కష్టపడ్డారట" అని రాస్తే, మీకు నమ్మకం లేనట్టు, ఎత్తిపొడిచినట్టు వినిపిస్తుంది. రహస్యానికి "ట" వాడండి, కృతజ్ఞతకి వాడకండి. వాళ్ల శ్రమ గురించి చెప్పే చోట "చేశారు" అని ఖాయంగా చెప్పాలి. రహస్యాలకైనా ఒకటి రెండుసార్లు చాలు, అంతకు మించితే ఊసుపోని కబుర్ల ధోరణిలోకి జారుతుంది.

జంటమాటల సంగతి కూడా ఇలాంటిదే. "కేకూ గీకూ", "ప్లానూ గీనూ" అన్నప్పుడు గొంతు దానంతటదే తేలికపడుతుంది, రాతలో కూడా ఆ తేలికదనం వస్తుంది. ఒక్కటి వాడుకోండి. సామెత కావాలనిపిస్తే "నోట్లో నువ్వుగింజ నానదు" అన్నది ఇలాంటి సందర్భానికి అందరికీ గుర్తొస్తుంది. అయితే నిజంగా గుట్టు దాచుకోలేని మనిషి మీ నలుగురిలో ఉంటేనే పెట్టండి. మీ వాళ్లు రెండు వారాలు నోరు మెదపలేదు కాబట్టి మీ క్యాప్షన్‌లో దానికి చోటు లేదు. సంఘటన లేకుండా సామెత పెడితే అది కూడా ఎవరి పార్టీకైనా అతికే వాక్యమే.

ఇక మొదటి లైను. ఇన్‌స్టాగ్రామ్ ఫీడ్‌లో క్యాప్షన్ మొదటి ఒకటి రెండు లైన్లే కనిపిస్తాయి, మిగతాది `more` నొక్కితేనే తెరుచుకుంటుంది. మొత్తం పరిమితి 2,200 క్యారెక్టర్లు. తెలుగులో రాసేవాళ్లు ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మనకి అక్షరంగా కనిపించేది లెక్కలో ఒకటి కాదు. "పుట్టినరోజు" మన కంటికి పు, ట్టి, న, రో, జు అని ఐదక్షరాలు. కంప్యూటర్ హల్లునీ, గుణింతపు గుర్తునీ, ఒత్తుకి ముందు వచ్చే పొల్లునీ విడివిడిగా లెక్కపెడుతుంది కాబట్టి అది 11 అవుతుంది. అంటే రెట్టింపు పైమాటే. కాబట్టి తెలుగు క్యాప్షన్ అనుకున్నదానికంటే త్వరగా హద్దు చేరుతుంది. మీకు కావలసినంత పొడవుకి ఈ హద్దు అడ్డురాదు, కానీ నోట్స్‌లో పెద్దగా రాసుకుని అతికించేవాళ్లు చివరి పేరా దగ్గర ఇబ్బంది పడతారు. ఆ చివరి పేరాలోనే థాంక్స్ ఉంటుంది.

అందుకని మొదటి లైనులో "హ్యాపీ బర్త్‌డే టు మీ" వద్దు, "ఫ్రెండ్స్ అంటే" అని మొదలయ్యే నిర్వచనమూ వద్దు. ఫొటోలో కనిపించే ఒక వింతని లైను ముట్టుకోవాలి, కానీ పూర్తిగా విప్పకూడదు. మీ చేతిలో స్క్రూడ్రైవర్ ఉన్న ఫొటోని మొదట పెట్టండి. అందంగా పడిన కేకు ఫొటో రెండోదవుతుంది, ఫర్వాలేదు. పుట్టినరోజు పార్టీ, చేతిలో స్క్రూడ్రైవర్ చూసినవాళ్లు ఎందుకని ఆగుతారు. ఆ ఆగిన చోట లైను ఉండాలి. "ఈ ఫొటోలో నా చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది చూశారా" అని రాయవద్దు, అది కళ్లకి కనిపిస్తూనే ఉంది. ఫొటో చెప్పలేనిది రాయండి: ఎందుకు తెచ్చారో.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ పెట్టి మీ వివరాలతో ఒకటి కడితే ఇలా ఉంటుంది:

"బాగుచేద్దామని స్క్రూడ్రైవర్ పట్టుకెళ్లాను. ల్యాప్‌టాప్ బాగానే ఉంది.

పాడైందని ఫోన్‌లో అంత కంగారుపడ్డవాడు తలుపు తీసి నవ్వుతున్నాడు.

ఊళ్లో లేనన్న అమ్మాయికి గుమ్మంలోంచి ఫోన్ చేశాను. లోపలి గదిలో మోగింది. మోగినా ఎత్తలేదు చూడండి, అదీ పట్టుదలంటే.

కేకు ఉంది. కొవ్వొత్తులున్నాయి. అగ్గిపెట్టె లేదు. తెస్తానన్నవాడు తన జేబులు తప్ప అందరి జేబులూ వెతికాడు. 10 నిమిషాలు.

వీడియో కూడా ఉంది. 40 సెకన్లు. అందులో నేను లేను, కేకూ గీకూ లేవు. తీసినవాడి మొహం ఉంది, చాలా సంతోషంగా.

దీనికి రెండు వారాల ముందే గ్రూపు పెట్టుకున్నారట. నేను లేని గ్రూపు, మొత్తం నా గురించే.

ఎవరి పనులు వాళ్లకుండగా మీరు నలుగురూ నాకోసం ఇంత చేశారు. ఆ స్క్రూడ్రైవర్ దాచుకుంటాను. థాంక్స్ రా."

ఇందులో కొన్ని నేను ఊహించి పెట్టినవి ఉన్నాయి: ఫోన్‌లో కంగారుపడటం, తలుపు తీసినవాడు నవ్వడం, జేబులు వెతకడం, అమ్మాయి ఫోన్ ఎత్తకపోవడం. అవి మీ దగ్గర అలా జరక్కపోతే తీసేసి, జరిగిందే పెట్టండి. తలుపు తీసినవాడు అన్న మొదటి మాట మీకు గుర్తుంటే, ఉన్నదున్నట్టు కోట్ చేయడం అన్నిటికంటే మంచిది. నిజంగా అన్న మాటకి ఊహించిన వాక్యం సరిరాదు. ఆ మనిషి అనే పద్ధతిలోనే, యాసతో సహా రాయండి, సరిదిద్దకండి.

అంకెలు రెండుచోట్ల మాత్రమే ఉన్నాయి. 10 నిమిషాలు, 40 సెకన్లు అన్నప్పుడు చదివేవాళ్లు ఆ వ్యవధిని మనసులో గడిపి చూసుకుంటారు. చీకట్లో 10 నిమిషాలు ఎంత పొడవో అందరికీ తెలుసు. "చాలాసేపు వెతికారు" అంటే ఆ పని జరగదు. అలాగని అన్నిటికీ లెక్క చెప్తే రిపోర్టులా తయారవుతుంది.

వీడియో ముక్కని నాలుగోదిగా పెట్టడానికి కారణం ఉంది. నాలుగు ముక్కల్లో అదే ఎక్కువ నవ్వించేది, కాబట్టి ఆఖరున రావాలి. జరిగిన వరసలో కూడా అది చివరికే వస్తుంది, ఎందుకంటే ఎవరి మొహం పడిందో వీడియో చూసుకున్నాకే తెలుస్తుంది. మీ దగ్గర ఈ రెండు వరసలూ కలిశాయి. కలవని సందర్భాల్లో జరిగిన వరసనే నమ్మండి. కాలం వెనక్కీ ముందుకీ దూకితే, పార్టీకి రానివాళ్లకి ఏది ఎప్పుడు జరిగిందో అర్థం కాక నవ్వడం మానేస్తారు.

థాంక్స్ చెప్పే చివరి పేరాలో ఆటపట్టించడం ఆగిపోయింది, గమనించండి. ఆ పైన అంతా వాళ్ల పొరపాట్లే చెప్పారు. చివరి వాక్యం కూడా చమత్కారంతోనే ముగిస్తే వాళ్ల శ్రమ ఎక్కడా నమోదు కాదు, ఫొటోల కింద నలుగురి తప్పుల జాబితా మిగులుతుంది. ఒక్క వాక్యం సూటిగా ఉండాలి. "ఇంత చేశారు" అన్నచోట వీలైతే ఇంకా నిర్దిష్టంగా రాయండి: ఎవరైనా రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చి ఉంటే అది, బెలూన్లన్నీ నోటితో ఊది ఉంటే అది. అలాగే "నలుగురూ" అనడం ముఖ్యం. "అందరికీ" అంటే పార్టీకి వచ్చినవాళ్లంతా కలిసిపోతారు, ఏర్పాటు చేసినవాళ్లు ఆ గుంపులో కనబడకుండా పోతారు. అతిథులకి వేరే ఒక మాట చెప్పాలనిపిస్తే కామెంట్‌లో చెప్పండి.

పిలుపు విషయంలో కొంచెం జాగ్రత్త అవసరం. "థాంక్స్ రా" ఈడువాళ్ల గుంపుకి ఆడామగా తేడా లేకుండా చాలామంది వాడతారు. ఆ అమ్మాయిని మీరు మామూలుగా "రా" అని పిలవకపోతే, క్యాప్షన్‌లో కొత్తగా మొదలుపెట్టకండి, "థాంక్స్, నలుగురికీ" అంటే సరిపోతుంది. నలుగురిలో ఎవరైనా మీకంటే పెద్దవాళ్లయి, మీరు అన్నా, అక్కా అని పిలిచేవాళ్లయితే, వాళ్ల ముక్కలో "తీశాడు", "వెతికాడు" అని ఏకవచనం వాడేముందు ఆలోచించండి. ఇంట్లో చనువుగా నడిచేది వాళ్ల ఆఫీసువాళ్లు చదివే చోట నడవకపోవచ్చు. "తీశారు", "వెతికారు" అని మారిస్తే నవ్వేం తగ్గదు. గౌరవంగా చెప్తూ ఆటపట్టిస్తే ఒక్కోసారి ఇంకా బాగా పండుతుంది.

దేన్ని ఆటపట్టించవచ్చో చెప్పడానికి ఒకే గీత గీస్తాను. ఆ పార్టీ కోసం వాళ్లు చేసిన పనిలో దొర్లిన పొరపాటుని ఎంతైనా అనవచ్చు. పార్టీకి ముందూ ఉన్నది, తర్వాతా ఉండేది ఏదీ అనకూడదు. అగ్గిపెట్టె మర్చిపోవడం ఆ రోజుది. అతని మతిమరుపు రోజూ ఉండేది. "వీడు ఎప్పుడూ ఇంతే" అన్న ఒక్క మాటతో మొదటిది రెండోదైపోతుంది. ఆకారం, డబ్బు, ఉద్యోగం, ప్రేమ వ్యవహారాలు కూడా ఈ రెండో వైపువే. ఎవరెంత ఖర్చుపెట్టారన్నది మెచ్చుకోలుగా కూడా రాయవద్దు. తక్కువ పెట్టినవాళ్లకి అది తగులుతుంది.

ఇంకో ప్రమాదం సర్‌ప్రైజ్ పార్టీలకే ప్రత్యేకం. వాళ్లు అబద్ధం చెప్పింది మీ ఒక్కరికే కాకపోవచ్చు. జ్వరమని ఆఫీసుకి సెలవు పెట్టి ఉండవచ్చు, ఇంట్లో ఇంకేదో చెప్పి వచ్చి ఉండవచ్చు. మీరు తేదీతో, ఫొటోతో, "పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నాడట" అని రాస్తే వాళ్ల అబద్ధం వేరేచోట బయటపడుతుంది. అందుకని ఒక్కొక్కరినీ "ఇది పెట్టొచ్చా?" అని కాకుండా, "ఇది చూడకూడనివాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడగండి. మొదటి ప్రశ్నకి మొహమాటంతో "పెట్టెయ్" అంటారు. రెండోదానికి ఆలోచించి చెప్తారు. అందరికంటే ఎక్కువ ఆటపట్టించిన మనిషికి, అంటే మీ విషయంలో వీడియో తీసినవాడికి, తన ముక్కని ముందే పంపండి. చదివి "నా మొహం స్క్రీన్‌షాట్ కూడా పెట్టు" అన్నాడంటే నిశ్చింత. "హా, బాగుంది" అని ఊరుకుంటే ఒక వాక్యం తగ్గించండి.

ట్యాగులు పెట్టేటప్పుడు తెలుగుకి ఒక చిక్కుంది. మన విభక్తులు పేరుకి అతుక్కుంటాయి: ఫలానావాడికి, ఫలానావాడితో. `@username` కి వెనకే "కి" అతికిస్తే ట్యాగు సరిగా పడకపోవచ్చు, ఖాళీ వదిలితే చదవడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. రెండు దారులున్నాయి. పేరుని వాక్యంలో కర్తగా పెడితే విభక్తి అవసరమే రాదు: "`@username` తలుపు తీసి నవ్వుతున్నాడు" సాఫీగా నడుస్తుంది. లేదా పైన నేను రాసినట్టు "తీసినవాడు", "లేనన్న అమ్మాయి" అని పనిని బట్టే పిలిచి, ఒక్కో ముక్క చివర వాళ్ల ట్యాగు పెట్టండి. నాకు రెండోదే బాగా నచ్చుతుంది. ముందు పని చదివి, ఎవరా అని అనుకుని, అప్పుడు పేరు చూస్తారు. నాలుగు ట్యాగులూ చివర్లో ఒకే వరసలో పెడితే మాత్రం ఎవరు ఏం చేశారో తెలియకుండా పోతుంది.

ఇంత పొడవు వద్దనుకుంటే ముక్కలన్నిటినీ కుదించే ప్రయత్నం చేయకండి. నలుగురికీ తలో నాలుగు మాటలు మిగిలి, ఏదీ అర్థం కాదు. ఫొటోలు వరసగా పెడుతున్నారు కాబట్టి క్యాప్షన్‌లో మొదటి లైనూ, చివరి పేరా మాత్రం ఉంచి, ఒక్కో మనిషి ముక్కనీ ఆ మనిషి ఫొటో మీదే రాసి పెట్టండి. స్టోరీలో పెట్టేవాళ్లకి కూడా ఇదే నయం, ఒక స్టోరీకి ఒక మనిషి. చిన్న క్యాప్షన్ ఇలా అవుతుంది: "బాగుచేద్దామని స్క్రూడ్రైవర్ పట్టుకెళ్లాను. ల్యాప్‌టాప్ బాగానే ఉంది. నన్ను రప్పించడానికి రెండు వారాలు కష్టపడ్డ నలుగురికీ థాంక్స్ రా."

పెట్టేముందు ఒకసారి పైకి చదవండి, పార్టీకి రాని ఒకరికి వినిపించండి. వాళ్లు "ఎవరి ల్యాప్‌టాప్?" అని అడిగితే మొదటి రెండు ముక్కల మధ్య ఏదో తెగిందని అర్థం, అక్కడ ఒక మాట చేర్చండి. ఆ 40 సెకన్ల వీడియోని మాత్రం తీసేయకండి. ఫొటోల వరసలో చివరిదిగా, కత్తిరించకుండా, శబ్దంతో పెట్టండి. తన మొహం కనిపిస్తూ ఉంటుంది, వెనక నుంచి మిగతా ముగ్గురి కేకలు, మీ కేక వినిపిస్తాయి. మీ పార్టీ అసలు రికార్డింగు అదే.